ముఖం మార్చిన ఫోటోలు: "40 శాతం మంది రియల్ అన్నారు" అంటే ఏం తెలిసినట్టు?

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ఎం.టెక్ ప్రాజెక్ట్ చేస్తున్నా సార్. రెండు ఫేస్ స్వాప్ పద్ధతులు తీసుకుని, ఒక్కోదానితో 10 ఫోటోలు చేసి, మొత్తం 20 ఫోటోలు గూగుల్ ఫామ్‌లో పెట్టి 24 మంది క్లాస్‌మేట్స్‌ను "రియలా, ఫేకా" అని అడిగిన. మొదటి పద్ధతికి 40 శాతం, రెండోదానికి 48 శాతం "రియల్" వచ్చింది. రెండోది మెరుగని రాయొచ్చా? మా గైడ్ గారు స్టడీ మళ్లీ డిజైన్ చేయమంటున్నారు. ఏం మార్చాలి?

జవాబు:

ఇప్పుడున్న లెక్కతో అట్ల రాయకండి. రెండో పద్ధతి నిజంగానే మెరుగై ఉండొచ్చు, కానీ మీ ఫామ్ ఆ సంగతి చెప్పలేదు. అందులో ఒక్క అసలు ఫోటో కూడా లేదు, కాబట్టి 40 ఎక్కువో తక్కువో పోల్చి చూడడానికి ఏమీ లేదు. పైగా పద్ధతికి 10 ఫోటోలే కాబట్టి 8 శాతం తేడా ఊరికే కూడా రావచ్చు.

నేనైతే ఇట్ల పెడతా. 60 మంది మనుషులవి 60 ఫోటోలు తీసుకోండి. ప్రతి ఫోటోకు మూడు రూపాలు చేయండి: అసలుది, మొదటి పద్ధతితో మార్చినది, రెండో పద్ధతితో మార్చినది. చూసే ఒక్కొక్కరికీ ప్రతి ఫోటో ఒక్క రూపంలోనే కనిపించాలి. ఇవి కాక ఇంకో 20 అసలు ఫోటోలు కలపండి. అప్పుడు ఒక్కొక్కరు 80 ఫోటోలు చూస్తారు, సగం అసలు, సగం మార్చినవి. చూసేవాళ్లు 36 మంది. అందరూ ఒకే రకం స్క్రీన్ మీద, ఒక్కో ఫోటో 5 సెకన్లు చూడాలి. ఒక్కొక్కరికి పావుగంట కూడా పట్టదు. ఎందుకిట్లా అన్నది కింద చెప్తా. కారణం తెలిస్తే మీ వీలును బట్టి ఏది తగ్గించుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో మీకే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో వీడియో కంప్రెషన్ మీద పనిచేసినన్ని రోజులు జనానికి బొమ్మలు చూపించి మార్కులు వేయించుకోవడమే నా పని. ఇప్పుడు నల్లగొండలో పాఠాలు చెప్తున్నా, ముఖం మార్చిన ఫోటోలతో ఇట్లాంటి పరీక్షలు మూడు పెట్టించిన. మొదటిది పూర్తిగా పాడయ్యింది. కింద చెప్పేదాంట్లో సగం ఆ దెబ్బతో నేర్చుకున్నదే.

అసలు ఫోటోలు ఎందుకు కావాలి

మీ 40 శాతాన్నే తీసుకుందాం. రెండు గదులున్నాయనుకోండి. మొదటి గదిలోవాళ్లు అసలు ఫోటో చూపిస్తే 90 శాతం సార్లు "రియల్" అంటారు. రెండో గదిలోవాళ్లకు అన్నిటి మీదా అనుమానమే, అసలు ఫోటోను కూడా సగం సార్లు "ఫేక్" అంటారు. మార్చిన ఫోటోకు రెండు గదుల్లోనూ 40 శాతమే "రియల్" వచ్చింది. మొదటి గదిలో మీ పద్ధతి ఘోరంగా దొరికిపోయినట్టు, ఎందుకంటే అక్కడ అసలుకూ మార్చినదానికీ మధ్య 50 శాతం తేడా ఉంది. రెండో గదిలో తేడా 10 శాతమే. అక్కడ మీ ఫోటోలు దాదాపు అసలు ఫోటోల్లో కలిసిపోయినట్టు. అంకె ఒకటే, అర్థం పూర్తిగా వేరు.

మన దగ్గర ఆ రెండో గది ఊహ కాదు. నల్లగొండలో నా మొదటి పరీక్షకు గడియారం సెంటర్ దగ్గర స్టూడియో నడిపే చిన్ననాటి దోస్తు కొన్ని పెళ్లి ఫోటోలు ఇచ్చిండు. అందులోవాళ్లను అడిగి ఒప్పించుకునే తెచ్చినం. అవి అసలు ఫోటోలే, ఎవరి ముఖమూ మారలేదు. కానీ స్టూడియోలో చర్మం నున్నగా చేసి, రంగు పెంచి ఇస్తారు కదా. పిల్లలు వాటిని చూడంగనే "ఫేక్" నొక్కేసిన్రు. చౌరస్తాకో ఫ్లెక్సీ చూసి, ప్రతి సెల్ఫీకి ఫిల్టర్ పెట్టి పెరిగిన కళ్లు అవి, వాళ్ల తప్పేం లేదు. అసలు ఫోటోలు పెట్టకపోయి ఉంటే ఆ అనుమానమంతా నా పద్ధతి ఖాతాలో పడేది.

అందుకే గురి "100 శాతం మంది రియల్ అనాలి" అన్నది కాదు. అసలు ఫోటోకు ఎంత "రియల్" వస్తుందో, మార్చిన ఫోటోకూ అంతే రావాలి. గోడకు కొట్టిన గీత అదే.

సగం అసలు, సగం మార్చినవి ఉండాలన్నది కూడా ఇందుకే. ఉన్నవన్నీ ఫేకే అయితే ఐదారు ఫోటోలయ్యేసరికి చూసేవాళ్లకు వాసన తగుల్తుంది, ఆ తర్వాత వాళ్లు ముఖం చూడరు, ఊహ నొక్కుతారు. ముందే "ఇందులో సగం అసలువి" అని చెప్పేయడం నాకు అలవాటు. చెప్పకపోతే ఒక్కొక్కరు ఒక్కో అంచనాతో కూర్చుంటారు.

అసలుకూ మార్చినదానికీ ఒకే స్నానం

నా మొదటి పరీక్ష పాడయ్యింది ఇక్కడే. అసలు ఫోటోలు కెమెరా నుంచి వచ్చినవి వచ్చినట్టే పెట్టిన. మార్చినవి ప్రోగ్రాం నుంచి చిన్న చదరపు ముక్కలుగా వచ్చినయి. ఫలితాలు చూస్తే జనం భలే పట్టేసిన్రు, వంద ఫోటోల్లో తొంభైకి పైగా సరైన జవాబులు. నేను సంబరపడి ఒక అమ్మాయిని "ఎట్ల కనుక్కున్నవ్?" అని అడిగిన. "నిలువు ఫోటోలు రియల్, చదరంగా ఉన్నవి ఫేక్ సార్" అన్నది. ముఖం చూడనే లేదు!

కాబట్టి అసలు ఫోటోలు కూడా మార్చిన ఫోటోల దారిలోనే నడవాలి. అదే క్రాప్, అదే సైజు, అదే జేపెగ్ నాణ్యత, ఫైల్ పేర్లు కూడా గుర్తుపట్టలేనట్టు. పేర్లు విడిగా మార్చుకోవాలి. మిగతాదానికి ఇమేజ్‌మ్యాజిక్ ఉంటే అన్నిటినీ in అనే ఫోల్డర్‌లో వేసి, out అనే ఖాళీ ఫోల్డర్ పెట్టుకుంటే ఒక్క ఆదేశంతో పని అయిపోతుంది:

```
mogrify -path out -auto-orient -resize 512x512^ -gravity center \
  -extent 512x512 -strip -quality 92 -format jpg in/*
```

ఇక్కడ ఒక మెలిక ఉంది. పద్ధతి తన చేతులతో చేసిన తప్పును దిద్దకూడదు. కొన్ని ప్రసిద్ధ మోడళ్లు ముఖాన్ని 128×128 పిక్సెళ్లలోనే తయారుచేసి పెద్ద ఫోటోలో అతికిస్తాయి. అప్పుడు ముఖం మసకగా, చుట్టూ జుట్టు, కమ్మలు పదునుగా కనిపిస్తాయి. అది ఆ పద్ధతి లోపమే, అది అట్లనే ఉండాలి. దాన్ని దాచడానికి ఫోటో మొత్తాన్ని మసక చేస్తే మీరు కొలిచేది మీ మసకను. ఫోటో ఆకారం, కంప్రెషన్, ఫైల్ పేరు లాంటివి పద్ధతికి సంబంధం లేనివి, వాటిని సమం చేయాలి. ఏది ఎటువైపో తేలకపోతే "ఈ పద్ధతిని వేరేవాళ్లు వాడినా ఈ తేడా వస్తదా?" అని అడగండి. వస్తదంటే వదిలేయండి, రాదంటే సమం చేయండి.

వాట్సాప్‌లో మాత్రం పంపకండి. అది ఫోటోను కుదించి, మళ్లీ కంప్రెస్ చేస్తుంది. దవడ అంచున ఉండే సన్నటి అతుకు, పళ్ల మధ్య మసక అందులోనే కరిగిపోతాయి. ఇది ఊహ కాదు. 2019లో వచ్చిన ఫేస్‌ఫోరెన్సిక్స్ ప్లస్ ప్లస్ పరిశోధనలో 204 మందికి ఇట్లాంటి ఫోటోలే చూపించారు. వాళ్లలో ఎక్కువ మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులే. కంప్రెస్ చేయని ఫోటోల మీద సగటున 69 శాతం దాకా సరిగ్గా చెప్పినవాళ్లు, గట్టిగా కంప్రెస్ చేసిన వాటి మీద 59 శాతం దగ్గరికి పడిపోయారు. ఊరికే నొక్కినా 50 వస్తుందని గుర్తుంచుకుంటే ఆ పడిపోవడం ఎంత పెద్దదో తెలుస్తుంది. మీ ప్రశ్నే "వాట్సాప్‌లో తిరిగే ఫోటోలు జనం నమ్ముతారా" అన్నదైతే అన్నిటినీ, అసలు వాటితో సహా, వాట్సాప్ గుండా పంపి మరీ చూపించండి. అది వేరే ప్రశ్న, మంచి ప్రశ్నే. కానీ కొందరికి అట్ల, కొందరికి ఇట్ల వెళ్లకూడదు.

గూగుల్ ఫామ్ కూడా ఈ పనికి రాదు. ఒకరు ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి చెవి దగ్గర గీత వెతుకుతారు, ఇంకొకరు బస్సులో నిలబడి నొక్కుతారు. ఎంతసేపు చూశారో మీకు తెలియదు. జేఎస్‌సైక్, సైకోపై లాంటి ఉచిత సాధనాల్లో ఫోటో 5 సెకన్లు కనిపించి మాయమయ్యేట్టు, ఆ తర్వాతే బటన్లు వచ్చేట్టు పెట్టవచ్చు. కాలేజీ ల్యాబ్‌లో ఒకే రకం మానిటర్లు ఉంటే ఇంకా నయం. పైన చెప్పిన పరిశోధనలో 2, 4, 6 సెకన్లు వాడారు. 5 అన్నది నా అలవాటే, శాస్త్రమేం కాదు. మీరు ఎంత పెట్టారో రాస్తే చాలు.

ఒక మనిషి, ఒక్కసారే

ఒకే ఫోటో అసలుదీ మార్చినదీ ఒకరికే చూపిస్తే వాళ్లు ఫోటోను తూచరు, పోల్చుతారు. "ఈ నీలం చీర ఇందాక చూసినం, అప్పుడు ముఖం వేరే ఉండె" అంటారు. ఆ రెండింట్లో ఒకటి ఫేకని మీరే చెప్పినట్టయితది.

దీనికి మూడు జాబితాలు చేసుకోవాలి. 1 నుంచి 20 వరకు ఫోటోలు మొదటి జాబితాలో అసలు రూపంలో, రెండో జాబితాలో మొదటి పద్ధతి రూపంలో, మూడో జాబితాలో రెండో పద్ధతి రూపంలో వస్తాయి. 21 నుంచి 40 ఒక అడుగు జరుగుతాయి, 41 నుంచి 60 ఇంకో అడుగు. ఏ జాబితా చూసినా ఒక్కో రూపంలో 20 ఫోటోలుంటాయి, ఏ మనిషీ రెండోసారి కనిపించడు. జాబితాకు 12 మంది చొప్పున 36 మంది. అందుకే చూసేవాళ్ల సంఖ్య మూడుతో భాగించబడాలి అంటున్నా. అదనంగా కలిపే 20 అసలు ఫోటోలు మాత్రం అందరికీ ఒకటే, అవి సగం-సగం చేయడానికే. లెక్కలో వాటిని కలపకండి. వరుస మాత్రం ఒక్కొక్కరికి వేరేగా కలిసిపోవాలి.

ఈ ఏర్పాటుతో ఇంకో లాభముంది. రెండు పద్ధతులూ ఒకే 60 ఫోటోల మీద పోటీ పడుతున్నాయి. మీ ఫామ్‌లో మొదటి పద్ధతికి ఒక 10, రెండోదానికి ఇంకో 10 పెట్టి ఉంటే, రెండో పదిలో కళ్లద్దాలు, పక్కకు తిరిగిన ముఖాలు తక్కువగా ఉండడమే ఆ 8 శాతం కావచ్చు. ముఖం మార్చే ప్రోగ్రాం మార్చేది కనుబొమ్మల నుంచి గడ్డం వరకున్న లోపలి భాగాన్ని. చెవులు, జుట్టు, మెడ పాతవే ఉంటాయి. అందుకే కళ్లద్దాల కాడలు విరిగినట్టు ఉండడం, ముఖం ఒక రంగు మెడ ఒక రంగు ఉండడం, చెంప మీద చెయ్యి పెట్టుకుంటే వేళ్లు కరిగిపోవడం జరుగుతాయి. కష్టమైన ఫోటోలు రెండు వైపులా సమానంగా పడితేనే పోటీ న్యాయంగా ఉంటుంది.

ఎంత మంది, ఎన్ని ఫోటోలు

మీ దాంట్లో ఒక్కొక్కరు ఒక్కో పద్ధతివి 10 ఫోటోలు చూసిన్రు. 45 శాతం దగ్గరుండే జవాబు 10 సార్లు అడిగితే ఒక్క మనిషి దగ్గర దాదాపు 16 శాతం అటూ ఇటూ ఊగుతుంది. రెండు పద్ధతుల తేడా తీస్తే ఆ ఊగిసలాట 22 అవుతుంది. 24 మంది సగటుతో అది తగ్గుతుంది, అయినా 95 శాతం నమ్మకం కావాలంటే తేడా చుట్టూ సుమారు 9 శాతం చోటు వదలాలి. మీకు వచ్చింది 8. అంటే అసలు తేడా సున్నా అయినా రావచ్చు, 17 అయినా కావచ్చు.

36 మంది, ఒక్కో పద్ధతికి 20 ఫోటోలు అయితే ఆ చోటు సుమారు 5కి దిగుతుంది. అప్పుడు 8 అన్నది మాట్లాడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. "ఫోటోలు పదే ఉండనీ, మనుషులను 200కు పెంచుతా" అంటారు. మనుషులు దొరకడం సులువు కదా. కానీ 10 ఫోటోల్లో ఒక్కదాంట్లో ముక్కుపుడక రెండుగా కనిపించిందనుకోండి, 200 మంది కూడా దాన్ని పట్టేస్తారు. అప్పుడు మీకు ఆ పది ఫోటోల గురించి చాలా కచ్చితంగా తెలుస్తుంది, పద్ధతి గురించి ఏమీ తెలియదు. మీ థీసిస్ ఆ పది ఫోటోల మీద కాదు కదా. మనుషుల కంటే ముందు ఫోటోలు పెంచండి. 60 దొరకకపోతే 42 పెట్టండి, ఏ జాబితాలోనైనా ఒక్కో రూపానికి పద్నాలుగేసి. అంతకంటే తగ్గితే నాకు నమ్మకం లేదు.

ఏమని అడగాలి

"రియలా, ఫేకా" అన్న మాటతోనే చిక్కు. మన పిల్లలకు "ఫేక్" అంటే ఫేక్ న్యూస్. నేను ఆ మాటే వాడినప్పుడు, నాగార్జునసాగర్ గేట్ల ముందు దిగిన ఒక అసలు ఫోటోకు చాలామంది "ఫేక్" అన్నారు. అడిగితే, గేట్లన్నీ తెరిచి ఉన్నాయి, వెనక బ్యాక్‌గ్రౌండ్ అతికించారనుకున్నాం సార్ అన్నారు. ఆ తర్వాత నుంచి ప్రశ్న ఇట్ల మార్చిన: "ఈ ఫోటోలో ముఖం ఆ మనిషిదేనా, వేరేవాళ్ల ముఖం పెట్టారా? రంగు మార్చడం, చర్మం నున్నగా చేయడం లెక్కలోకి రావు." ముందు ఆరు ఫోటోలతో అలవాటు చేయండి, అందులో స్టూడియోలో నున్నగా చేసిన అసలు ఫోటో ఒకటి ఉండాలి. ఆ ఆరు అసలు పరీక్షలో రాకూడదు.

జవాబులకు నాలుగు బటన్లు పెట్టండి: ఖచ్చితంగా ఆ మనిషిదే, ఆ మనిషిదేనేమో, మార్చారేమో, ఖచ్చితంగా మార్చారు. నడుమ "తెలియదు" వద్దు, పెడితే అలసిపోయినవాళ్లందరూ అక్కడే కూర్చుంటారు. లెక్క వేసేటప్పుడు రెండు అటు, రెండు ఇటు విడగొడితే అవును-కాదు జవాబు వస్తుంది.

అలవాటు ఫోటోల తర్వాత, ఒక్కో జవాబుకు "సరైనది", "తప్పు" అని చెప్పకండి. చెప్తే వాళ్లు నేర్చుకుంటారు. 2022లో నైటింగేల్, ఫరీద్ ప్రచురించిన ప్రయోగంలో, కంప్యూటర్ సృష్టించిన ముఖాలను పట్టమంటే 315 మంది సగటు 48.2 శాతం. కొంచెం శిక్షణ ఇచ్చి, జవాబు జవాబుకూ ఒప్పు తప్పు చెప్పిన ఇంకో 219 మంది సగటు 59 శాతం. అవి మార్చిన ముఖాలు కావు, పూర్తిగా పుట్టించినవి. అయినా సంగతి మీకూ వర్తిస్తుంది. చెప్పకపోయినా కొంత నేర్చుకోవడం ఉంటుంది కాబట్టి మొదటి 40, తర్వాతి 40 విడివిడిగా చూసుకోండి.

ఎవరు చూస్తున్నారు

మీ క్లాస్‌మేట్స్ రోజూ మీ ల్యాబ్‌లో ఈ ఫోటోలే చూస్తున్నవాళ్లైతే వాళ్లను పక్కన పెట్టండి. అతుకు ఎక్కడుంటుందో వాళ్లకు తెలుసు. నా రెండో పరీక్షలో డిగ్రీ పిల్లలతో పాటు స్టూడియోల్లో ఫోటోలు దిద్దే నలుగురిని కూర్చోబెట్టిన. వాళ్లు ముఖం వైపు చూడనే లేదు. మెడ రంగు, చెవి కింద నీడ, అంతే, టకటక నొక్కేసిన్రు. వాళ్ల అంకెలు పిల్లల అంకెల్లో కలిపితే సగటు ఎవరిదీ కాకుండా పోతుంది. వేరే గుంపుగా రాయండి, లేదా వద్దు.

తెలిసిన ముఖాలు అసలే వద్దు. సినిమా హీరో ముఖాన్ని ఇంకొకరి మీద పెడితే అది వాస్తవికతకు పరీక్ష కాదు, హీరోను గుర్తుపట్టే పరీక్ష. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఉత్సాహంతో మా లెక్చరర్ ముఖాన్నే (ఆయన సరే అన్నాకే) ఒక ఫోటోలో వాడినం. అందరూ నవ్విన్రు, అందరూ పట్టేసిన్రు, ఆ ఫోటో తీసేయాల్సి వచ్చింది. అందుకే ప్రతి ఫోటో తర్వాత కాకుండా పరీక్ష చివర్లో "ఇందులో మీకు తెలిసినవాళ్లు ఉన్నారా" అని చూపించి అడగండి, ఉంటే ఆ మనిషికి ఆ ఫోటో జవాబు తీసేయండి.

ఫోటోల కోసం ఎఫ్‌ఎఫ్‌హెచ్‌క్యూ లాంటి పరిశోధన సేకరణ ఉంది, 70,000 ముఖాలు, 1024×1024 సైజులో. సులువే. కానీ మనిషి తన చుట్టూ చూసి పెరిగిన ముఖాల్లో తేడాను బాగా గుర్తుపడతాడు, ఇతర ప్రాంతాల ముఖాల్లో తడబడతాడు. పాలమూరులో కూర్చున్నవాళ్లకు అన్నీ పరాయి ముఖాలే చూపిస్తే మీ పద్ధతికి ఉచితంగా మార్కులు పడొచ్చు. వీలైతే ఇక్కడివాళ్ల ఫోటోలే తీయండి. తీస్తే ఇద్దరి దగ్గరా రాతపూర్వక ఒప్పుకోలు కావాలి, ఎవరి శరీరమో వాళ్లదీ, ఎవరి ముఖమో వాళ్లదీ. "మీ ముఖం వేరే ఒంటి మీద పెడతాం, ఇంతమందికి చూపిస్తాం, తర్వాత చెరిపేస్తాం" అని తెలుగులో, ఉన్నదున్నట్టు రాయండి. ఆడపిల్లల ఫోటోలైతే మరీ జాగ్రత్త. ఫోటోలు ల్యాబ్ కంప్యూటర్ దాటి ఎవరి ఫోన్‌లోకీ పోకూడదు.

లెక్క ఎట్ల వేయాలి

ఒక్కొక్కరికి రెండు అంకెలు తీయండి. మార్చిన ఫోటోల్లో ఎన్నిటిని "మార్చారు" అన్నారు, దీన్ని పట్టివేత అందాం. అసలు ఫోటోల్లో ఎన్నిటిని "మార్చారు" అన్నారు, ఇది తప్పు అనుమానం. ఈ రెండింటి మధ్య దూరమే మీకు కావాల్సింది. దానికి వాడే కొలత పేరు డి-ప్రైమ్. సున్నా అంటే రెండింటికీ తేడా తెలియడం లేదు. 1 అంటే, ఎటూ మొగ్గు లేని మనిషి సగం-సగం పరీక్షలో 69 శాతం సరిగ్గా చెప్పేంత తేడా.

```python
from scipy.stats import norm

def dprime(hits, n_fake, false_alarms, n_real):
    h = (hits + 0.5) / (n_fake + 1)
    f = (false_alarms + 0.5) / (n_real + 1)
    return norm.ppf(h) - norm.ppf(f)
```

ఆ 0.5, ఆ 1 ఎందుకంటే, ఎవరైనా 20కి 20 పట్టేస్తే లెక్క అనంతానికి పోతుంది. అది ఆగడానికి.

ఉదాహరణకు ఒకమ్మాయి మొదటి పద్ధతివి 20లో 13 పట్టింది, రెండో పద్ధతివి 9 పట్టింది, అసలు 20లో 6 మీద తప్పుగా అనుమానపడ్డది అనుకోండి. మొదటి పద్ధతికి డి-ప్రైమ్ 0.86, రెండోదానికి 0.38. రెండింటికీ తప్పు అనుమానం ఒకటే, ఎందుకంటే అదే మనిషి, అదే వరుసలో కలిపి చూసింది. అందుకే "ఏది మెరుగు" అనే పోటీకి పట్టివేతల తేడానే చాలు. "ఎంత వాస్తవికం" అనే ప్రశ్నకు మాత్రం ఆ 6 లేకుండా జవాబు లేదు. పైన చెప్పిన రెండు గదులను ఇదే కొలతతో చూస్తే మొదటి గదికి 1.53, రెండో గదికి 0.25 వస్తుంది.

36 మందికి 36 తేడాలు వస్తాయి, వాటి సగటు, దాని చుట్టూ చోటు రాయండి. 36 × 20 = 720 జవాబులని అన్నిటినీ ఒకే కుప్పగా పోసి శాతం తీస్తే చోటు తప్పుగా చిన్నదవుతుంది, ఒకే మనిషి జవాబులు ఒకదానికొకటి చుట్టాలు కదా. మీ గైడ్ గారికి ఆర్ భాష అలవాటుంటే మనుషులనూ ఫోటోలనూ రెండిటినీ ఒకేసారి లెక్కలోకి తీసుకునే మోడల్ ఇది (`version` అంటే మూడు రూపాలు):

```r
library(lme4)
glmer(said_fake ~ version + (1 + version | viewer) + (1 | photo),
      family = binomial(link = "probit"), data = d)
```

ఒకరిద్దరు చూడకుండా నొక్కుతారు. వాళ్ల కోసం, ముక్కు పక్కకు జరిగిపోయినంత ఘోరంగా చెడిన మూడు ఫోటోలను 80కి అదనంగా మధ్యలో కలపండి. వాటిలో రెండింటిని "ఆ మనిషిదే" అన్నవాళ్లను తీసేస్తామని పరీక్షకు ముందే కాగితం మీద రాసి గైడ్ గారి సంతకం పెట్టించుకోండి. ఫలితాలు చూశాక ఎవరిని తీసేయాలో నిర్ణయిస్తే, తెలియకుండానే చెయ్యి మనకు నచ్చిన వైపు పోతుంది.

ఒకవేళ డి-ప్రైమ్ 0.1 వచ్చి, దాని చుట్టూ చోటులో సున్నా కూడా పడితే "జనం తేడా కనిపెట్టలేకపోయారు, కాబట్టి అసలుతో సమానం" అని రాయకండి. పదిమందినే కూర్చోబెట్టినా తేడా కనిపించదు! "ఈ స్క్రీన్ మీద, 5 సెకన్లలో, ఈ 36 మందిలో తేడా ఇంతకంటే ఎక్కువ ఉండే అవకాశం తక్కువ" అని చోటు పై అంచు అంకె రాయండి. వైవాలో అడిగేది దాన్నే.

36 మందిని పిలవకముందు ముగ్గురితో ఒకసారి నడిపించండి, మీ ల్యాబ్‌తో సంబంధం లేనివాళ్లతో. అయిపోయాక పక్కన కూర్చుని ఒక్కటే అడగండి: "దేన్ని చూసి నొక్కినవ్?" పళ్లు, చెవి, మెడ అంటే పరీక్ష పనిచేస్తున్నట్టు. అంచు, సైజు, వరుస, లోడ్ కావడానికి పట్టిన టైం అంటే వెనక్కి పోయి ఫోటోల ఫోల్డర్ తెరవండి.